సప్లయర్ దగ్గర సరుకు లేదు, ఆర్డర్లు ఆలస్యమవుతాయి: కస్టమర్లకు ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి, బదులు ఏం చూపించాలి

ప్రశ్న: మేం బేరింగులు సప్లై చేసే చిన్న సంస్థ. 6205-2RS బేరింగులు 1,200 ఈ నెల 6న మాకు రావాలి. ఇవాళ, అంటే మార్చి 3న, సప్లయర్ ఫోన్ చేసి 9న 300 పంపుతానని, మిగతా 900 24న అని చెప్పాడు. 38 మంది కస్టమర్లకు కలిపి 1,160 ఇవ్వాలి, అందరికీ 10వ తేదీ లోపు అని మాటిచ్చాం. మా దగ్గర ఉన్నవి 140. ఇప్పుడే చెప్తే ఆర్డర్లు క్యాన్సిల్ చేస్తారేమోనని భయంగా ఉంది. వేరే రకం బేరింగ్ ఇస్తామని చెప్పొచ్చా? కొత్త తేదీ ఏం ఇవ్వాలి?

జవాబు:

ఇవాళే చెప్పండి. రేపు మధ్యాహ్నం దాటనివ్వకండి. ప్రతి కస్టమర్‌కూ తన ఆర్డర్ నంబరుతో విడిగా ఒక సందేశం వెళ్లాలి. పాత తేదీకి ఎన్ని వస్తాయి, మిగతావి ఏ తేదీకి వస్తాయి, వద్దనుకుంటే బదులు ఏం తీసుకోవచ్చు, ఎప్పటిలోగా జవాబివ్వాలి, జవాబు ఇవ్వకపోతే ఏం జరుగుతుంది అనే ఐదు సంగతులూ అందులో ఉండాలి. కొత్త తేదీగా సప్లయర్ చెప్పిన 24ను మాత్రం రాయకండి. మీ లెక్క ప్రకారం చివరి విడత కస్టమర్ చేతికి అందేది ఏప్రిల్ 6. ఆ తేదీ ఎలా వచ్చిందో కింద చెప్తాను. బదులు సరుకు ఇస్తామని తప్పకుండా చెప్పొచ్చు, కానీ కస్టమర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఒక్క ముక్క కూడా పంపకూడదు.

క్యాన్సిల్ భయం సంగతి ముందు తేల్చుకుందాం. ఇవాళ చెప్తే కస్టమర్ చేతిలో ఇంకా వారం ఉంటుంది. ఆ వారంలో అతను తన మెయింటెనెన్స్ పని వాయిదా వేసుకోగలడు, కొన్ని వేరేచోట తెచ్చుకోగలడు, లేదా మీరు చూపించిన బదులు సరుకు ఒప్పుకోగలడు. అదే 10వ తేదీ సాయంత్రం చెప్తే ఇవేవీ కుదరవు, మెషీన్ ఆగిపోతుంది, ఆగినందుకు కారణం మీరవుతారు. ఇవాళ చెప్తే పోయేది కొన్ని ఆర్డర్లే. 10న చెప్తే కస్టమరే పోతాడు. పైగా అతను ఆ రోజు కూడా ఎలాగూ క్యాన్సిల్ చేస్తాడు, కాకపోతే కోపంగా చేస్తాడు.

సందేశం రాయడానికి ముందు రెండు గంటల పని

సప్లయర్ ఫోన్‌లో చెప్పినదాన్ని రాతలో తెప్పించుకోండి. 9, 24 అంటే అవి వాళ్ల గోడౌన్ నుంచి బయల్దేరే తేదీలా, మీ దగ్గరికి చేరే తేదీలా? చాలామంది సప్లయర్లు బయల్దేరే తేదీ చెప్తారు, వినేవాళ్లు చేరే తేదీ అనుకుంటారు. ఇక్కడే మొదటి మూడు రోజులు జారిపోతాయి. ఇంకో ప్రశ్న కూడా వేయండి: ఆ 900 ఇప్పటికే తయారై ఉన్నాయా, లేక వాళ్లకీ ఇంకెక్కడినుంచో రావాలా? తయారై ఉంటే 24 నమ్మదగ్గ తేదీ. వాళ్లే ఇంకొకరి కోసం ఎదురుచూస్తుంటే 24 అనేది ఆశ మాత్రమే.

వెంటనే చేయాల్సిన రెండో పని, మీ సాఫ్ట్‌వేర్‌లో గానీ రిజిస్టర్‌లో గానీ ఆ 140ని బ్లాక్ చేయడం. ఇది మర్చిపోతే మీరు లోపల కూర్చుని ఎవరికెన్ని అని లెక్క వేస్తుంటారు, బయట గోడౌన్‌లో ముందు వచ్చిన ఆర్డర్‌కి 100 ప్యాక్ చేసి పంపేస్తారు. అలాగే కొటేషన్లు ఇచ్చేవాళ్లందరికీ చెప్పండి, ఈ బేరింగ్‌కి పాత డెలివరీ గడువు ఇవాళ్టితో ఆగిపోయిందని. ఒకవైపు పాత కస్టమర్లకు ఆలస్యం ఉత్తరాలు వెళ్తూ, ఇంకోవైపు కొత్తవాళ్లకు ‘వారంలో ఇస్తాం’ అని కొటేషన్లు వెళ్లడం ప్రతి కొరతలోనూ జరిగేదే. ఆ కొత్తవాళ్లలో ఒకరు పాత కస్టమర్‌కి తెలిసినవాళ్లయితే ఇక మీరు ఏ కారణం చెప్పినా నమ్మరు.

మీ పెద్ద ఆర్డర్ల కాగితాలు కూడా ఓసారి తీసి చూడండి. ఆలస్యానికి పెనాల్టీ రాసి ఉందా, ఆలస్యం తెలిసిన ఎన్ని రోజుల్లో లిఖితంగా తెలియజేయాలో రాసి ఉందా అన్నది చూడాలి. గడువులోపు తెలియజేస్తేనే పెనాల్టీ నుంచి మినహాయింపు అడగడానికి వీలుండే ఒప్పందాలు ఉంటాయి. అలాంటి చోట ఫోన్ చేసి చెప్పడం లెక్కలోకి రాదు.

తేదీ ఎలా లెక్కించాలి

900 విడతనే తీసుకుందాం. 24 మంగళవారం సప్లయర్ దగ్గర బయల్దేరుతుంది. మీకు చేరడానికి మూడు రోజులు పడుతుందనుకుంటే 27 శుక్రవారం. సరుకు లెక్కపెట్టి, బాక్సుల మీద నంబర్లు సరిచూసి, స్టాకులో ఎక్కించడానికి ఒక రోజు, అంటే 28 శనివారం. ఆదివారం పోతే మీరు పంపేది 30 సోమవారం. కస్టమర్‌కి చేరడానికి రెండు రోజులు వేస్తే ఏప్రిల్ 1. అన్నీ అనుకున్నట్టు జరిగితే వచ్చే తేదీ అది. కస్టమర్‌కి చెప్పాల్సింది ఆ తేదీ కాదు.

ఇప్పుడు ఆ సప్లయర్ పాత బిల్లులు తీసి, చెప్పిన తేదీకీ నిజంగా వచ్చిన తేదీకీ తేడా ఎంతో చూడండి. సరుకు పుష్కలంగా ఉన్నప్పటి బిల్లులు పనికిరావు, కొరత ఉన్నప్పటివే చూడాలి. ఆ తేడా నాలుగు రోజులు ఉంటోందనుకుందాం. 30కి నాలుగు కలిపితే ఏప్రిల్ 3 శుక్రవారం మీరు పంపుతారు, రెండు రోజుల ప్రయాణం ఆదివారంతో ముగుస్తుంది కాబట్టి ఏప్రిల్ 6 సోమవారం చేతికి అందుతుంది. ఇదే లెక్క 300 విడతకు వేస్తే 12న మీకు, 13న తనిఖీ, 14న పంపడం, నాలుగు రోజులు కలిపితే 18 బుధవారం, కస్టమర్‌కి మార్చి 20 శుక్రవారం.

ఏప్రిల్ 1 అని రాస్తే కస్టమర్ కాస్త సంతోషిస్తాడు కదా, ఎందుకు సాగదీయడం అనిపిస్తుంది. ఒకసారి తేదీ మారితే కస్టమర్ సర్దుకుంటాడు, ఎందుకంటే కొరత మీ చేతిలో లేదని అతనికీ తెలుసు. రెండోసారి మారితే అది కొరత వల్ల అనుకోడు, మీకు లెక్క తెలియదనుకుంటాడు. ఆ తర్వాత మీరిచ్చే ఏ తేదీనీ పట్టించుకోకుండా రోజూ ఫోన్ చేస్తాడు. అలాగని ఏప్రిల్ 20 అని మరీ దూరం వేయకండి. అలా వేస్తే నిలబడగలిగిన ఆర్డర్లు కూడా వెళ్లిపోతాయి. కలిపే రోజులకు పాత బిల్లుల్లో ఆధారం ఉండాలి. అది లేకుండా ఊహించి కలపొద్దు.

సందేశంలో ‘పంపే తేదీ’ రాస్తున్నారో ‘చేరే తేదీ’ రాస్తున్నారో స్పష్టంగా ఉండాలి. చేరే తేదీయే మంచిది, కస్టమర్‌కి కావాల్సింది అదే. తేదీ పక్కన వారం కూడా రాయండి. రాసేటప్పుడు మీరు చేసిన పొరపాటు, చదివేటప్పుడు వాళ్లు చేసే పొరపాటు, రెండూ దాంతో బయటపడతాయి.

440 ఎవరికి ఎన్ని

చేతిలో 140, మొదటి విడత 300, కలిపి 440. ఇవ్వాల్సినవి 1,160. అందరికీ సమానంగా 38 శాతం ఇచ్చేస్తే న్యాయంగా ఉంటుందనిపిస్తుంది, కానీ బేరింగుల విషయంలో అది అక్కరకు రాని న్యాయం. ఒక షాఫ్ట్‌కి సాధారణంగా రెండు చివర్లా రెండు బేరింగులు ఉంటాయి, విప్పినప్పుడు రెండూ మారుస్తారు. నాలుగు అడిగినవాడికి ఒకటిన్నర లెక్క తేలి ఒకటి పంపితే అతనికి ఏమీ పంపనట్టే, మీకు మాత్రం ఒకటి ఖర్చయిపోయింది.

ముందు పెద్ద ఆర్డర్లున్న ఐదారుగురికి ఈ సాయంత్రమే ఫోన్ చేయండి. ‘ఆలస్యం అవుతుందండీ’ అని చెప్పి ఆగిపోకుండా, ‘20వ తేదీ లోపు కచ్చితంగా ఎన్ని లేకపోతే మీ పని ఆగుతుంది?’ అని అడగండి. 200 ఆర్డర్ పెట్టినవాళ్లలో చాలామందికి ఈ నెల నిజంగా కావాల్సినవి 40, 60 ఉంటాయి, మిగతావి వాళ్ల స్టోర్‌లో పెట్టుకోవడానికి. ఈ ఒక్క ప్రశ్నతో కొరత సగం తగ్గుతుంది. ‘ఎన్ని కావాలి’ అని అడిగితే మాత్రం ‘అన్నీ’ అనే జవాబే వస్తుంది. ఎవరైనా మామూలుగా నెలకు 30 వాడుతూ ఇప్పుడు హఠాత్తుగా 150 అత్యవసరం అంటే, వాళ్ల గత ఆర్డర్లు చూసి మర్యాదగానే మళ్లీ అడగండి. కొరత వార్త వినగానే అవసరం పెంచి చెప్పడం మామూలే.

ఉదాహరణకి ఇలా తేలిందనుకుందాం. ఆరుగురు పెద్ద కస్టమర్ల ఆర్డర్లు కలిపి 700, వాళ్లకు 20 లోపు నిజంగా కావాల్సినవి 220. మిగతా 32 మందిలో ఎనిమిది గానీ అంతకన్నా తక్కువ గానీ అడిగినవాళ్లు 20 మంది, అందరివీ కలిపి 100. వీళ్లకు పూర్తిగా ఇచ్చేయండి. చిన్న ఆర్డర్‌ని ముక్కలు చేస్తే రెండోసారి పంపే ఖర్చే ఎక్కువ, పైగా 20 మంది గొడవ ఒక్కసారిగా తీరిపోతుంది. ఇక 12 మంది మధ్యస్థ కస్టమర్లు, 360 ఆర్డర్. వాళ్లకు 100 పంచాలి, అంటే అడిగినదాంట్లో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, సరి సంఖ్యల్లో. చివరి 20 ఎవరికీ రాయకుండా ఉంచండి. 300 అని చెప్పిన విడతలో 290 రావచ్చు, బాక్సుల్లో రెండు మూడు దెబ్బతిని ఉండొచ్చు, మెషీన్ పూర్తిగా ఆగిపోయిన కస్టమర్ నుంచి 15న ఫోన్ రావచ్చు.

మిగతా 740 రెండో విడత 900 నుంచి వెళ్తాయి. అందులో మిగిలే 160ని కొత్త ఆర్డర్లకు ముందే మాటివ్వకండి.

బదులు సరుకు: తేడాను పేరు పెట్టి చెప్పాలి

‘దీనికి సమానమైనది ఇస్తాం’ అనే మాట సందేశంలో రాయొద్దు. ఎందులో సమానం, ఎందులో కాదు అన్నది రాయాలి. 6205 అంటే లోపలి వ్యాసం 25 మి.మీ., బయటి వ్యాసం 52 మి.మీ., వెడల్పు 15 మి.మీ. ఆ కొలతలు మారకుండా మీరు చూపించగలిగినవి మూడు.

మొదటిది, ఇంకో కంపెనీ చేసిన అదే బేరింగ్. రెండువైపులా రబ్బరు సీలు ఉండే రకాన్ని ఒక్కో కంపెనీ ఒక్కో అక్షరాలతో రాస్తుంది: 2RS, 2RS1, DDU, LLU. ఇది సందేశంలో చెప్పకపోతే బాక్స్ మీద వేరే అక్షరాలు చూసి కస్టమర్ స్టోర్‌లోనే తిప్పి పంపేస్తారు, లోపల ఉన్నది వాళ్లకు కావాల్సిందే అయినా సరే. కొన్ని సంస్థలు ఫలానా కంపెనీవే వాడాలని నియమం పెట్టుకుంటాయి, అందుకే ఇది కూడా అడిగే పంపాలి.

రెండోది 6205-ZZ. కొలతలు అవే, గ్రీజు లోపల నింపే వస్తుంది, కానీ రబ్బరు సీలు బదులు రెండువైపులా ఇనుప రేకు మూతలు ఉంటాయి. ఆ రేకు లోపలి రింగుని తాకదు, సన్నటి సందు ఉంటుంది. కాబట్టి తిరిగేటప్పుడు రాపిడి తక్కువ, వేగం ఎక్కువ తట్టుకుంటుంది. ఆ సందులోంచే నీళ్లూ సన్నటి దుమ్మూ లోపలికి వెళ్తాయి. పొడిగా, శుభ్రంగా ఉండే చోట మోటార్‌కి ఇబ్బంది ఉండదు. నీళ్లు పోసి కడిగే కన్వేయర్‌కో, పిండి, సిమెంటు లాంటి దుమ్ము ఎగిరే చోటికో ఇది పనికిరాదు. అక్కడ పెడితే ఇవాళ బాగానే తిరుగుతుంది, కొన్నాళ్లకు గరగరమని శబ్దం మొదలవుతుంది. అప్పుడు కస్టమర్‌కి గుర్తొచ్చేది మీరు మార్చి ఇచ్చారనే.

మూడోది 6205-2RS C3. సీళ్లు అవే, కొలతలు అవే, కానీ లోపల బంతులకూ రింగులకూ మధ్య ఖాళీ మామూలు కన్నా ఎక్కువ. వేడెక్కి లోపలి రింగు వ్యాకోచించే ఎలక్ట్రిక్ మోటార్ల లాంటి చోట్ల C3ని కోరి మరీ వాడతారు. శబ్దం, కదలిక అతి తక్కువగా ఉండాల్సిన చోట మాత్రం ఇంజినీరు చూసి ఒప్పుకోవాలి. ఒక హెచ్చరిక: దీన్ని తిరగేసి చేయకండి. C3 అడిగినవాళ్లకు మామూలుది ఇవ్వడం ప్రమాదం. వేడికి ఆ కొద్దిపాటి ఖాళీ కూడా మూసుకుపోయి బేరింగ్ పట్టేస్తుంది.

చూపించకూడనివి కూడా తెలిసుండాలి. 6305 లోపలి వ్యాసం 25 మి.మీ.యే, కానీ బయట 62, వెడల్పు 17. హౌసింగ్‌లో కూర్చోదు. సీళ్లు లేని ఉత్త 6205 కొలతల్లో సరిపోతుంది, కానీ దానికి బయటినుంచి గ్రీజు అందే ఏర్పాటు కావాలి, మూతలూ ఉండవు. నంబరు దగ్గరగా ఉందని జాబితాలో చేర్చేస్తే చదివేవాడికి మిగతా రెండు మూడింటి మీద కూడా నమ్మకం పోతుంది.

ఇంకో చిక్కు: మీ సందేశం చదివేది పర్చేజ్ విభాగం. బేరింగ్ పెట్టేది మెయింటెనెన్స్. పర్చేజ్ వాళ్లకు తేదీ ముఖ్యం, కాబట్టి ‘ZZ సరే పంపండి’ అని వెంటనే రాసేస్తారు. సరుకు చేరాక మెయింటెనెన్స్ వాళ్లు వద్దంటారు. అందుకే ‘ఈ వివరాలు మీ మెయింటెనెన్స్ ఇంజినీరుకి చూపించి జవాబివ్వండి’ అనే వాక్యం పెట్టి, ‘బేరింగ్ ఉండే చోట నీళ్లు గానీ దుమ్ము గానీ తగులుతాయా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. అవును అని జవాబొస్తే వాళ్లు ZZ కోరినా పంపకండి, ఫోన్ చేసి మాట్లాడండి. మెషీన్ ఇంకా వారంటీలో ఉంటే బేరింగ్ రకం మార్చేముందు మెషీన్ తయారుచేసినవాళ్లని అడగమని కూడా చెప్పండి.

మీ దగ్గర ఇప్పుడు నిజంగా ఉన్న సరుకునే బదులుగా చూపించండి. ఒక రకం కొరత రాగానే అందరూ దాని పక్క రకం మీద పడతారు. ఇంకా ఆర్డర్ పెట్టని ZZని చూపించి, కస్టమర్ ఒప్పుకున్నాక అది కూడా దొరకలేదంటే, ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు మాట తప్పినట్టవుతుంది. స్టాకులో 400 ZZ ఉంటే ఆ సంగతే రాయండి, ఎవరి జవాబు ముందొస్తే వాళ్లకు ముందని చెప్పండి.

సందేశం ఇలా ఉండొచ్చు

60 ఆర్డర్ పెట్టిన కస్టమర్‌కి రాస్తున్నారనుకుందాం. చేతిలో ఉన్న 140లోంచి వాళ్ల వంతుకు ఇప్పుడు 20 వచ్చాయి.

> విషయం: ఆర్డర్ నం. 2417, 6205-2RS: 60లో 40 ఆలస్యం, కొత్త తేదీ ఏప్రిల్ 6. మీ జవాబు మార్చి 6 లోపు కావాలి
>
> నమస్కారం అండి,
>
> మీరు ఆర్డర్ చేసిన 60 బేరింగుల్లో 20 మాత్రమే ముందు చెప్పినట్టు మార్చి 10 మంగళవారం లోపు మీకు అందుతాయి. మా సప్లయర్ దగ్గర కొరత వల్ల మిగతా 40 ఏప్రిల్ 6 సోమవారం లోపు అందుతాయి. మీకు కలిగే ఇబ్బందికి క్షమించండి.
>
> ఆ 40 విషయంలో మీకు ఏది వీలో చెప్పండి:
>
> క) అదే బేరింగ్, ఏప్రిల్ 6 వరకు ఆగుతాం.
>
> ఖ) బదులు 6205-ZZ, మార్చి 10 లోపు. కొలతలు అవే (25 × 52 × 15 మి.మీ.). రబ్బరు సీలు బదులు రేకు మూత ఉంటుంది, నీళ్లు, దుమ్ము తగిలే చోటికి పనికిరాదు. ధర మీ ఆర్డర్‌లో ఉన్నదాన్ని మించదు.
>
> గ) బదులు 6205-2RS C3, మార్చి 10 లోపు. సీళ్లు, కొలతలు అవే, లోపలి ఖాళీ మామూలు కన్నా ఎక్కువ. ధర మీ ఆర్డర్‌లో ఉన్నదే.
>
> ఘ) 40 రద్దు. వాటికి కట్టిన అడ్వాన్స్ 5 పనిదినాల్లో వెనక్కి ఇస్తాం.
>
> ఖ గానీ గ గానీ ఎంచుకునేముందు దయచేసి మీ మెయింటెనెన్స్ ఇంజినీరుకి చూపించండి. బేరింగ్ ఉండే చోట నీళ్లు గానీ దుమ్ము గానీ తగులుతాయా?
>
> మార్చి 6 శుక్రవారం సాయంత్రం లోపు అక్షరం ఒక్కటి రాసి జవాబిస్తే చాలు. జవాబు రాకపోతే (క) గా తీసుకుంటాం. మీ అనుమతి లేకుండా బదులు సరుకు పంపం. మార్చి 25న పరిస్థితి ఏమిటో మళ్లీ తెలియజేస్తాం.

విషయం వరుసలోనే ముఖ్యమైనదంతా ఉంది చూడండి. ‘మీ ఆర్డర్ గురించి ముఖ్య సమాచారం’ అని పెడితే చాలామంది మర్నాటికి వాయిదా వేస్తారు. కారణం ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాం. సప్లయర్ పేరు రాయలేదు, అతన్ని తిట్టలేదు. కస్టమర్ డబ్బిచ్చింది మీకు, కాబట్టి మాట మీదే. ‘అనివార్య కారణాల వల్ల’, ‘అతి త్వరలో’, ‘వీలైనంత తొందరగా’ లాంటివి రాయకండి, వాటితో కస్టమర్ తన పని ప్లాన్ చేసుకోలేడు.

జవాబు రాకపోతే బదులు సరుకు పంపేస్తామని ఎప్పుడూ పెట్టకండి. మౌనం అంటే ఆగుతామనే అర్థం తీసుకోవాలి. ధర విషయంలో నా అభిప్రాయం ఖచ్చితం: బదులుది ఖరీదెక్కువైతే ఆ తేడా మీరే భరించాలి, తక్కువైతే తగ్గించాలి. భరించలేనంత తేడా ఉంటే ఆ రకాన్ని అసలు చూపించకండి, లేదా తేడా ఎంతో అంకెల్లో అక్కడే రాయండి. విడతలుగా పంపే ఖర్చు కూడా మీదే, ఎందుకంటే విడగొట్టమని వాళ్లు అడగలేదు.

జవాబులు రావడం మొదలయ్యాక

ఒక చిన్న పట్టిక చాలు: ఆర్డర్ నంబరు, ఇప్పుడు పంపేవి, మిగిలినవి, చెప్పిన తేదీ, ఎంచుకున్న అక్షరం, జవాబు తేదీ. ఫోన్ ఎత్తేవాళ్లందరూ అదే పట్టిక చూసి మాట్లాడాలి. ఒక కస్టమర్‌కి ఉత్తరంలో ఏప్రిల్ 6 అని, ఫోన్‌లో ‘నెలాఖరుకి వచ్చేస్తాయండీ’ అని వెళ్తే, అతను గుర్తుపెట్టుకునేది నెలాఖరే.

‘సరే’, ‘నోటెడ్’ అని మాత్రమే రాసినవాళ్లని జవాబిచ్చినట్టు లెక్కవేయొద్దు. దేనికి సరే అన్నారో ఫోన్ చేసి అడిగి, ‘మీరు ఫోన్‌లో చెప్పినట్టు (గ) నమోదు చేశాం’ అని ఒక వరుస పంపి, ‘అవును’ అని తిరిగి రాయించుకోండి. అది చేతికొచ్చాకే బదులు సరుకు బయల్దేరాలి. అప్పుడు ఆర్డర్‌లో, ఇన్‌వాయిస్‌లో, ప్యాకింగ్ స్లిప్‌లో మూడుచోట్లా నిజంగా పంపుతున్న నంబరే ఉండాలి. ఇన్‌వాయిస్‌లో పాత 6205-2RS అనే ఉండి బాక్సులో ZZ ఉంటే, కస్టమర్ స్టోర్‌లో అది 2RSగానే నమోదవుతుంది. ఆరు నెలల తర్వాత ఎవరో తీసి నీళ్ల పంపుకి బిగిస్తారు.

అసలు జవాబే ఇవ్వనివాళ్ల గురించి జాగ్రత్త. వాళ్లలో కొందరు ఈపాటికే వేరేచోట కొనేసి ఉంటారు, మీ ఆర్డర్ రద్దు చేయడం మర్చిపోతారు. మీరు ఏప్రిల్‌లో సరుకు పంపితే తిప్పి పంపుతారు. ఈలోగా అవి నిజంగా కావాల్సిన ఇంకొకరికి అందకుండా పోతాయి. అందుకే రెండో విడత పంపడానికి ముందు, మార్చి 30 ప్రాంతంలో, జవాబివ్వని ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి ‘ఇంకా కావాలా అండీ’ అని అడిగాకే ప్యాక్ చేయండి.

సప్లయర్ మీద కన్నేయాల్సిన రోజులు 9, 24. ఆ రోజు సాయంత్రం ‘పంపేశారా’ అని అడిగి ఊరుకోకుండా ట్రాన్స్‌పోర్ట్ రసీదు ఫోటో అడగండి. పంపేశాం అన్న మాటకీ రసీదుకీ మధ్య రెండు రోజులు తేడా ఉండొచ్చు. రసీదు వస్తే 25న కస్టమర్లకు ‘తేదీలో మార్పు లేదు, ఏప్రిల్ 6 లోపు అందుతుంది’ అని రెండు వాక్యాలు పంపండి. మార్పు లేనప్పుడు కూడా పంపాలి, పంపుతామని మాటిచ్చాం కాబట్టి. 24న రసీదు రాకపోతే మీరు కలుపుకున్న నాలుగు రోజులు అక్కడినుంచి ఖర్చవడం మొదలవుతుంది. 28 సాయంత్రానికీ రాకపోతే అవి అయిపోయినట్టే, ఇక ఏప్రిల్ 6ని నమ్ముకోలేం. ఆ రోజే కస్టమర్లకు రాయండి. ఈసారి కొత్త తేదీతో పాటు క నుంచి ఘ వరకు ఎంపికలన్నీ మళ్లీ ఇవ్వాలి, స్టాకులో మిగిలినవాటిని బట్టి. మొదట ఆగుతామన్నవాళ్లు ఏప్రిల్ 6 కోసం ఆగుతామన్నారు. ఏప్రిల్ 15 కోసం ఆగుతారో లేదో మళ్లీ వాళ్లే చెప్పాలి.